డీమ్యాట్ ఖాతాకు వీడియో ధ్రువీకరణ: తిరస్కరణ రాకుండా పూర్తి చేసే విధానం

డీమ్యాట్ ఖాతా గానీ మ్యూచువల్ ఫండ్ ఖాతా గానీ యాప్‌లో తెరిచేటప్పుడు ఫారం నింపి, పత్రాలు ఎక్కించిన తరువాత ఒక చిన్న వీడియో అడుగుతారు. ఈ పనిలో ఉన్నవాళ్లు దీన్ని ఐపీవీ, అంటే ఇన్ పర్సన్ వెరిఫికేషన్ అంటారు. ఖాతా తెరుస్తున్న మనిషి నిజంగా ఉన్నాడనీ, పత్రాల్లో ఉన్నది అతనేననీ, వీడియో ముందే తీసి పెట్టుకున్నది కాదనీ నిర్ధారించుకోవడం దీని ఉద్దేశం. అడిగేది నిమిషమో రెండు నిమిషాలో పట్టే పని అయినా చాలా దరఖాస్తులు ఇక్కడే ఆగిపోతాయి. ఆగడానికి కారణం వీడియోలోనే ఉంటుందని అందరూ అనుకుంటారు గానీ, నేను చూసినంతలో సగం కారణాలు కెమెరా తెరవకముందే పత్రాల్లో ఉంటాయి.

ఈ మార్గదర్శిని ఒక నిజమైన ఉదాహరణ పట్టుకుని రాస్తున్నాను. రాజోలు దగ్గరి పల్లెలో ఉండే మా పిన్నిగారికి అరవయ్యేళ్లకు దగ్గర వయసు. కొబ్బరి తోట మీద వచ్చిన డబ్బులో కొంత తన పేరునే ఫండ్లలో పెట్టాలనుకున్నారు. కొడుకు పక్కన కూర్చుని ఖాతా తెరిపించాడు, వీడియో తీయించాడు. అది తిరస్కరణకు గురైంది. ఆ దరఖాస్తులో ఏమేమి తేడా వచ్చిందో చూస్తే, డెల్టా పల్లెల్లో సాధారణంగా ఎదురయ్యే ఇబ్బందులు దాదాపు అన్నీ అందులోనే కనిపించాయి.

వీడియో అసలు అవసరమా

2020 ఏప్రిల్ 24న షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ ఇచ్చిన సర్క్యులర్ ఆన్‌లైన్ కేవైసీకి దారి చూపింది. అందులోని నిబంధన ప్రకారం ఆధార్ ధ్రువీకరణ ద్వారా కేవైసీ పూర్తయినవారికి, లేదా పత్రాలు ప్రభుత్వ డిజిటల్ పత్రాల యాప్ అయిన డిజీలాకర్ నుంచి నేరుగా వచ్చినవారికి ఈ వీడియో తప్పనిసరి కాదు. అయినా చాలా సంస్థలు తమ జాగ్రత్త కోసం ఒక సెల్ఫీ ఫొటోనో కొద్ది సెకన్ల వీడియోనో అడుగుతూనే ఉంటాయి. కాబట్టి యాప్‌లో డిజీలాకర్ మార్గమూ, పత్రాలను ఫొటో తీసి పంపే మార్గమూ రెండూ కనిపిస్తే డిజీలాకర్‌నే ఎంచుకోవడం మంచిది. పత్రాల మీద వచ్చే అభ్యంతరాలు దానితో చాలా తగ్గుతాయి. దీనికి ఆధార్‌కు జోడించిన మొబైల్ నంబరు పనిచేస్తూ చేతిలో ఉండాలి. ఆ నంబరు ఎప్పుడో మూతపడి ఉంటే ముందు ఆధార్ కేంద్రానికి వెళ్లి కొత్త నంబరు చేర్పించుకోవాలి. చివర్లో చేసే ఈ-సైన్‌కు, అంటే ఆన్‌లైన్ సంతకానికి కూడా ఓటీపీ ఆ నంబరుకే వస్తుంది కనుక, దీన్ని దాటి వెళ్లే దారి లేదు.

గతంలో ఎక్కడైనా ఫండ్లలో పెట్టుబడి పెట్టి ఉంటే మీ కేవైసీ ఇప్పటికే ఏదో ఒక కేఆర్ఏలో, అంటే కేవైసీ వివరాలు భద్రపరిచే రిజిస్ట్రేషన్ ఏజెన్సీలో ఉంటుంది. ఆ ఏజెన్సీల వెబ్‌సైట్లలో పాన్ నంబరు ఇచ్చి స్థితి చూసుకోవచ్చు. `KYC Validated` అని ఉంటే పని చాలావరకు అయిపోయినట్టే. `On Hold` అని ఉంటే మాత్రం పాత లోపం ఏదో సరిదిద్దుకోకుండా కొత్త వీడియో ఎంత బాగా తీసినా ఫలితం ఉండదు.

ముందు పేరు సరిచూసుకోవాలి

పిన్నిగారి పాన్ కార్డు చాలా ఏళ్ల క్రితం పుట్టింటి ఇంటిపేరుతో తీసుకున్నది. ఆధార్, బ్యాంకు పుస్తకం రెండూ అత్తవారింటి ఇంటిపేరుతో ఉన్నాయి. పైగా పాన్ మీద ‘వెంకటలక్ష్మి’ అన్నది ఇంగ్లిషులో ఒకే పదంగా ఉంటే, ఆధార్‌లో ‘వెంకట’, ‘లక్ష్మి’ రెండు పదాలుగా ఉంది. ఇంటిపేరు పాన్‌లో పూర్తిగా, ఆధార్‌లో పొడి అక్షరంగా ఉంది. మన చుట్టుపక్కల పెళ్లయిన ఆడవారి పత్రాలు పదిచోట్ల చూస్తే ఎక్కువచోట్ల ఇలాంటి తేడా ఏదో ఒకటి కనిపిస్తుంది. పేరు రాసే మన పద్ధతిలో ఇంటిపేరు ముందు ఉంటుంది. పాన్ ఫారంలో ఇంటిపేరు, పేరు, మధ్య పేరు అని వేరువేరు గడులు ఉంటాయి. ఆనాడు నింపినవాళ్లు ఏ ముక్కను ఏ గడిలో పెట్టారన్నది కార్డు మీద కనిపించదు.

దాన్ని కనుక్కోవడానికి ఒక సులువైన గుర్తు ఉంది. పాన్ నంబరులో పది అక్షరాంకాలు ఉంటాయి. వ్యక్తుల పాన్‌లో నాలుగోది ఎప్పుడూ `P`. ఐదోది, ఆ నంబరు ఇచ్చిన రోజున ఇంటిపేరు గడిలో ఉన్న పదానికి మొదటి అక్షరం. మీ ఇంటిపేరు `K` తో మొదలై, పాన్‌లో ఐదో అక్షరం `L` అయితే ఆనాడు ‘లక్ష్మి’ని ఇంటిపేరుగా నమోదు చేశారని అర్థం. పిన్నిగారి పాన్‌లో ఐదో అక్షరం పుట్టింటి ఇంటిపేరుదే. తరువాత పేరు మార్పించుకున్నా పాన్ నంబరు మారదు, ఆ అక్షరమూ మారదు; దాని గురించి కంగారు పడనక్కరలేదు.

పేరు సరిచూసుకోవడానికి ఆదాయపు పన్ను శాఖ ఈ-ఫైలింగ్ వెబ్‌సైటు `incometax.gov.in` లో `Verify Your PAN` అనే సదుపాయం ఉంది. పాన్ నంబరు, పూర్తి పేరు, పుట్టిన తేదీ, మొబైల్ నంబరు ఇస్తే ఆ వివరాలు సరిపోలుతున్నాయో లేదో చెబుతుంది. ఖాతా ఫారంలో పేరు ఇక్కడ సరిపోయిన తీరులోనే, అక్షరం పొల్లు పోకుండా టైపు చేయాలి. అదే పేజీలో `Link Aadhaar Status` కూడా చూసుకోవాలి. ఆధార్‌తో జోడించని పాన్‌లు 2023 జూలై 1 నుంచి నిష్క్రియం అవుతున్నాయి, నిష్క్రియమైన పాన్‌తో ఖాతా తెరవడం కుదరదు.

తేడా పొడి అక్షరంలోనో పదాల మధ్య ఖాళీలోనో ఉంటే చాలా సంస్థలు సర్దుకుంటాయి. ఇంటిపేరే వేరుగా ఉంటే సర్దుకోవు. అప్పుడు దేన్ని మార్చాలన్నది ఆలోచించి తేల్చుకోవాలి. ఆధార్‌లో పేరును జీవితకాలంలో రెండుసార్లు మాత్రమే మార్చుకునే వీలుంది. బ్యాంకు, రేషన్, భూమి పత్రాలు అన్నీ ఆధార్ పేరునే అనుసరిస్తుంటే దాన్ని కదిలించడం కంటే పాన్‌ను దాని దారిలోకి తేవడం మేలని నా అభిప్రాయం. పిన్నిగారి విషయంలో అలాగే చేశాం. వివాహ ధ్రువపత్రం ఆధారంగా చూపి, పాన్ వివరాల సవరణకు దరఖాస్తు పెట్టి, కొత్త కార్డు చేతికి వచ్చాకే ఖాతా పని మళ్లీ మొదలుపెట్టాం. ఆలస్యం తప్పదు, కానీ తేడా ఉన్న పేరుతో వీడియో మీద వీడియో తీసి పంపడం వల్ల ఒక్క రోజు కూడా కలిసిరాదు.

పుట్టిన తేదీ కూడా ఇలాగే చూసుకోవాలి. మన పెద్దవాళ్లలో చాలామందికి ఆధార్‌లో పుట్టిన సంవత్సరం మాత్రమే ఉంటుంది, లేదా జనవరి 1 అని ఉంటుంది. పాన్‌లో బడి రికార్డు తేదీ ఉంటుంది. సంవత్సరం ఒకటే అయినా తేదీ తేడా ఉంటే సరిపోలనట్టే లెక్క.

బ్యాంకు ఖాతా విషయం క్లుప్తంగా చెబుతాను. సంస్థ మీ ఖాతాలో ఒక రూపాయి వేసి, బ్యాంకులో నమోదైన పేరు ఏమిటో తెలుసుకుంటుంది. ఇక్కడ చాలామంది పాత పుస్తకం చూసి ఐఎఫ్ఎస్‌సీ రాస్తారు. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది కనుక `ANDB` తో మొదలయ్యే కోడ్ ఇప్పుడు చెల్లదు. చైతన్య గోదావరి గ్రామీణ బ్యాంకు కూడా 2025 మే 1 నుంచి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో భాగమైంది. శాఖలో పుస్తకం కొత్తగా ముద్రించుకుని, దాని మీద ఉన్న కోడ్‌నే రాయాలి.

కూర్చునే చోటు, వెలుతురు

మొదటి వీడియోను పిన్నిగారు వసారాలో కూర్చుని ఇచ్చారు. ముందు గోడ, వెనుక పెరడు. బయట ఎండ ధగధగలాడుతుంటే కెమెరా ఆ వెలుతురుకు తగినట్టు తనను తాను సర్దుకుని, నీడలో ఉన్న ముఖాన్ని నల్లగా చేసింది. కళ్లతో చూసేవాళ్లకు ముఖం బాగానే కనిపిస్తుంది గనుక తీసినవాళ్లకు ఈ తేడా తెలియదు. ఫోన్ తెర మీద ముఖాన్ని చూసి, కనుపాపలూ కనుబొమలూ విడివిడిగా కనిపిస్తున్నాయా అని పరీక్షించుకోవాలి. అవి కలిసిపోయి ముద్దగా కనిపిస్తే అక్కడ తీయకూడదు.

సరైన పద్ధతి దీనికి తిరగేసినది. వెలుతురు వచ్చే గుమ్మానికో కిటికీకో ఎదురుగా, దానికి మూడు నాలుగు అడుగుల లోపలికి కుర్చీ వేసుకుని కూర్చోవాలి. వెనుక గోడ ఉండాలి. ఉత్తరపు గుమ్మం అన్నిటికన్నా మంచిది; ఆ వైపు నుంచి ఏడాదిలో ఎక్కువ రోజులు నేరుగా ఎండ పడదు, రోజంతా ఒకే తీరు వెలుతురు ఉంటుంది. తూర్పు గుమ్మమైతే ఎండ గుమ్మం దాటి వెళ్లాక, అంటే పదకొండు తరువాత, పడమటి గుమ్మమైతే మధ్యాహ్నం లోపు కూర్చోవడం అనువు. కార్తీక, మార్గశిర మాసాల్లో పొద్దున్నే మంచు పట్టి ఉన్నప్పుడు వెలుతురు చాలదు, తొమ్మిది దాటేదాకా ఆగాలి.

తోటల్లో ఇళ్లున్నవారికి ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. కొబ్బరి చెట్ల కింద నీడ కళ్లకు హాయిగా ఉంటుంది గానీ, మట్టల సందుల్లోంచి పడే ఎండ చారలు ముఖం మీద కదులుతూ ఉంటాయి. గాలి వీచినప్పుడల్లా చెంప మీద ఒక తెల్లటి మచ్చ వచ్చి పోతుంది. ముఖాన్ని ఆధార్ ఫొటోతో పోల్చే సాఫ్ట్‌వేర్‌కు అది పెద్ద అడ్డంకి. ఆరుబయట, చెట్ల కింద వీడియో తీయకూడదు. వసారాకు నీలం టార్పాలిన్ కట్టి ఉంటే దాని కింద ముఖం నీలంగా వస్తుంది. ముదురు ఆకుపచ్చ, గులాబీ రంగులు వేసిన గోడకు మరీ దగ్గరగా కూర్చున్నా ఆ రంగు ముఖం మీద తేలుతుంది. సున్నం వేసిన గోడ ఉన్న గది ఒక్కటి ఉన్నా చాలు, అదే వాడుకోవాలి.

పెంకుటిళ్లలో గది లోపల చీకటిగా ఉండి ట్యూబులైటు తప్ప దిక్కు లేనప్పుడు, ఆ లైటు నెత్తి మీద ఉండకుండా ఎదురు గోడ మీద ఉండేలా కుర్చీ తిప్పుకోవాలి. నెత్తి మీది లైటు వల్ల కళ్ల కింద, గడ్డం కింద నీడలు పడతాయి. ఒళ్లో తెల్లటి తువ్వాలు పరుచుకుంటే కింది నుంచి కొంత వెలుతురు ముఖం మీదికి ఎగసి ఆ నీడలు పలచబడతాయి. పిన్నిగారి రెండో వీడియోకు మేము చేసింది ఇదే. ఫోటోల దుకాణం అవసరం లేకుండా ఆ ఒక్క తువ్వాలుతో ముఖం తేటగా వచ్చింది.

వెనుక గోడ మీద ఏముందో కూడా చూసుకోవాలి. దేవుళ్ల క్యాలెండరు, పెద్దవాళ్ల ఫొటోలు, రాజకీయ నాయకుడి బొమ్మ ఉన్న పంచాంగం వంటివి ఫ్రేములో కనిపిస్తే, వాటిలోని ముఖాలను కూడా సాఫ్ట్‌వేర్ మనుషుల ముఖాలుగా లెక్క వేసి ‘ఒకరి కంటే ఎక్కువ మంది ఉన్నారు’ అని ఆపేయవచ్చు. వాటిని తీయనక్కరలేదు, కుర్చీని అరడుగు పక్కకు జరిపితే సరిపోతుంది.

ఫోన్‌ను సిద్ధం చేయడం

ముందు కెమెరా అద్దాన్ని మెత్తని పొడి గుడ్డతో తుడవాలి. చేతికి అంటిన కొబ్బరినూనె అద్దం మీద పలచగా పరుచుకుని, వీడియో అంతా పొగమంచు పట్టినట్టు చేస్తుంది. కెమెరాలో చర్మాన్ని నునుపు చేసే బ్యూటీ మోడ్, వెనుక భాగాన్ని మసకబార్చే సదుపాయం ఉంటే రెండూ ఆపేయాలి. మార్చిన ముఖం పత్రంలోని ముఖంతో సరిపోలదు.

యాప్ అడిగినప్పుడు కెమెరా, మైకు, లొకేషన్ మూడింటికీ అనుమతి ఇవ్వాలి. లొకేషన్ తప్పనిసరి, ఎందుకంటే వీడియో తీసేటప్పుడు మనిషి ఇండియాలోనే ఉన్నాడని నమోదు చేయవలసిన బాధ్యత సంస్థ మీద ఉంది. వీపీఎన్ ఉంటే ఆపేయాలి, ఫోన్ తేదీ సమయాలు ఆటోమేటిక్‌గా ఉండాలి. డాబా ఇంట్లో లొకేషన్ దొరకకపోతే ఫోన్ పట్టుకుని ఒక నిమిషం బయట నిలబడి, దొరికాక లోపలికి వచ్చి మొదలుపెట్టాలి. వాట్సాప్‌లో వచ్చిన లింకును అక్కడే నొక్కి తెరిస్తే కెమెరా అనుమతి సరిగా అందకపోవచ్చు. లింకును కాపీ చేసి క్రోమ్‌లో తెరవడం మేలు. మధ్యలో ఫోన్ కాల్ వస్తే కెమెరా ఆగిపోతుంది గనుక డు నాట్ డిస్టర్బ్ పెట్టుకోవాలి.

కోనసీమలో గల్ఫ్ వెళ్లినవారు లేని ఊరు ఉండదు కాబట్టి ఈ మాట ప్రత్యేకంగా చెప్పాలి. కువైట్‌లోనో దోహాలోనో పనిచేస్తూ సెలవు మీద ఇంటికి వచ్చినవారు, లొకేషన్ ఇండియాలో చూపిస్తుంది కదా అని మామూలు స్థానికుల ఖాతా తెరవకూడదు. వారి హోదా ఎన్ఆర్ఐ. వారికి ఎన్ఆర్ఈ లేదా ఎన్ఆర్ఓ బ్యాంకు ఖాతాతో ముడిపడిన వేరే విధానం, వేరే పత్రాలు ఉన్నాయి. సంస్థను అడిగి ఆ దారిలోనే వెళ్లాలి.

కార్డు చూపించడం

ఎక్కువ సంస్థలు వీడియోలో పాన్ కార్డును చూపమంటాయి. అసలు కార్డే కావాలి. ఫొటోకాపీని గానీ, మరో ఫోన్ తెర మీద చూపిన బొమ్మను గానీ చాలా సంస్థలు ఒప్పుకోవు. పిన్నిగారి పాత కార్డుకు రక్షణగా పైన మరో ప్లాస్టిక్ తొడుగు వేయించి ఉంచారు. ఆ తొడుగు అంచుల్లో గాలి చేరి మసకబారింది, మధ్యలో వెలుతురు పడి తళుక్కుమంది. మొదటి వీడియోలో నంబరులోని చివరి మూడు అక్షరాల మీద తెల్లటి మెరుపు తప్ప ఏమీ కనిపించలేదు. తొడుగు ఉంటే తీసేయాలి. కార్డే వెలిసిపోయి ఉంటే రీప్రింట్‌కు ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేయవచ్చు. దేశంలోని చిరునామాకు పంపడానికి 50 రూపాయలు తీసుకుంటారు.

కార్డు పట్టుకునే తీరును నెమ్మదిగా వివరిస్తాను, ఎందుకంటే అభ్యంతరాల్లో ఎక్కువ భాగం ఇక్కడే వస్తాయి. తక్కువ ధర ఫోన్లలో ముందు కెమెరాకు దగ్గరి వస్తువు మీద ఫోకస్ మార్చుకునే శక్తి ఉండదు. అక్షరాలు కనిపించడం లేదని అందరూ కార్డును కెమెరాకు ఇంకా దగ్గరగా తెస్తారు, అది ఇంకా మసకబారుతుంది. కార్డును ముఖానికి పక్కగా, గడ్డం ఎత్తులో, కెమెరాకు ఒకటిన్నర జానెడు దూరంలో పట్టుకుని అక్కడి నుంచి అక్షరాలు తేటపడేదాకా కొద్దికొద్దిగా వెనక్కి జరపాలి. బొటనవేలు, చూపుడువేలు కార్డు అంచులను మాత్రమే తాకాలి. ఫొటో మీద గానీ నంబరు మీద గానీ వేలు పడకూడదు. మెరుపు కనిపిస్తే కార్డు పై అంచును కొద్దిగా కెమెరా వైపు వంచాలి. మెరుపు కార్డు మీద నుంచి జారిపోతుంది. అలా సరిగ్గా కుదిరాక మూడు సెకన్లు కదలకుండా ఉంచాలి. లేత రంగు కార్డు కెమెరా ముందుకు రాగానే ముఖం ఒక్క క్షణం చీకటి పడుతుంది, తరువాత సర్దుకుంటుంది; ఆ మూడు సెకన్లు అవసరమయ్యేది అందుకే.

సెల్ఫీ తెర మీద కార్డులోని అక్షరాలు అద్దంలో చూసినట్టు తిరగబడి కనిపిస్తాయి. చాలామంది దాన్ని చూసి కార్డును తలకిందులుగా తిప్పేస్తారు. అది మనకు కనిపించే తీరు మాత్రమే, అవతల నమోదయ్యే వీడియోలో అక్షరాలు సవ్యంగానే ఉంటాయి. కార్డును మామూలుగానే పట్టుకోవాలి.

ఆధార్ చూపమంటే మొదటి ఎనిమిది అంకెలు కనిపించని మాస్క్‌డ్ ఆధార్ చాలునా అని అడిగి, చాలంటే అదే చూపాలి. పూర్తి నంబరు కనిపించేలా చూపవలసిన పని సాధారణంగా ఉండదు.

సంతకాన్ని గీతలు లేని తెల్లకాగితం మీద, నీలం లేదా నలుపు పెన్నుతో పెట్టాలి. తెలుగులో సంతకం చేసేవారు తెలుగులోనే చేయవచ్చు, అది పాన్ కార్డు మీది సంతకంలా ఉంటే చాలు. పిన్నిగారు ఈ మధ్య బ్యాంకులో ఇంగ్లిషులో సంతకం చేయడం నేర్చుకున్నారు. కొత్త పాన్ దరఖాస్తు మీద ఆ సంతకమే పెట్టించాం, తరువాత అన్నిచోట్లా అదే.

వీడియో నడిచేటప్పుడు

కొన్ని యాప్‌లలో వీడియో మనమే తీసి పంపాలి. తెర మీద నాలుగు లేదా ఆరు అంకెల కోడ్ కనిపిస్తుంది. దాన్ని కాగితం మీద పెద్దగా రాసి ముఖం పక్కన పట్టుకోమంటారు, లేదా పైకి చదవమంటారు. కోడ్ కొద్దిసేపే చెల్లుతుంది గనుక కాగితం, మార్కర్ పెన్ను ముందే దగ్గర ఉంచుకోవాలి. వాటర్ పంపు మోటారు నడుస్తున్నప్పుడు, ధనుర్మాసంలో గుడి మైకు మోగుతున్నప్పుడు చదివితే అంకెలు వినిపించవు.

మరికొన్ని సంస్థల్లో ఒక ఉద్యోగి వీడియో కాల్‌లో మాట్లాడతారు. అప్పుడు ఏ ప్రశ్న ఎప్పుడు వస్తుందో తెలియదు. మనిషి ప్రత్యక్షంగా ఉన్నాడని తేల్చుకోవడానికే అలా అడుగుతారు. తల ఎడమకు తిప్పమనవచ్చు, రెప్పలు ఆర్పమనవచ్చు, ఫారంలో ఉన్న ఏదైనా వివరం అడగవచ్చు.

పిన్నిగారి రెండో కాల్‌లో ఆ అమ్మాయి, “అమ్మా, మీ నాన్నగారి పేరు చెప్పండి” అని అడిగింది. పిన్నిగారికి ఇలాంటి చోట భర్త పేరు చెప్పడం అలవాటు. కానీ పాన్ కార్డు మీద పెళ్లయినవారికి కూడా తండ్రి పేరే ఉంటుంది, ఫారంలోనూ అదే రాశాం. ముందురోజు సాయంత్రం ఫారంలోని వివరాలన్నీ ఒకసారి ఆవిడ చేతే చదివించి ఉండడం వల్ల తడుముకోకుండా చెప్పగలిగారు. ఖాతా ఎందుకు తెరుస్తున్నారని అడిగితే, “తోట మీద వచ్చిన డబ్బు దాచుకుందామనండీ” అన్నారు. అంతకన్నా పెద్ద జవాబు ఎవరూ కోరరు.

మొదటి వీడియోలో జరిగిన మరో పొరపాటు ఏమిటంటే, కొడుకు పక్కన కూర్చుని ఏం చెప్పాలో మెల్లగా అందించాడు. గొంతు వినిపించింది, ఒకసారి భుజం కూడా కనిపించింది. వేరొకరు ఒత్తిడి చేసి ఖాతా తెరిపిస్తున్నారేమోనన్న అనుమానం కలిగితే ఏ ఉద్యోగి అయినా తిరస్కరించక తప్పదు. ఫోన్‌ను స్టాండు మీదనో, పుస్తకాల దొంతరకు ఆనించో కళ్ల ఎత్తులో నిలబెట్టి, సాయం చేసేవాళ్లు గది బయటికి వెళ్లిపోవాలి. పెద్దవాళ్లకు తోడు అవసరమైతే, కాల్ మొదట్లోనే ఆ మాట ఉద్యోగికి చెప్పి, వారు ఏమంటే అలా చేయాలి.

కళ్లజోడు అద్దాలు తళతళలాడితే తీసేయాలి. చెమట తుడుచుకున్నాక పమిట కొంగు ముఖానికి అడ్డం రాకుండా చూసుకోవాలి. తల మీద ముసుగు వేసుకునే ఆచారం ఉన్నవారు ముసుగుతోనే కూర్చోవచ్చు, కానీ ముఖం ఏ వైపునా కప్పబడకూడదు.

ఈ కాల్ సంస్థ యాప్‌లోంచో వెబ్‌సైటులోంచో మాత్రమే రావాలి. ఎవరో వాట్సాప్ వీడియో కాల్ చేసి ధ్రువీకరణ అంటే నమ్మకూడదు. ఓటీపీని పైకి చదవమన్నా, ఏటీఎం కార్డు చూపమన్నా, ఫోన్ తెరను పంచుకునే యాప్ ఎక్కించమన్నా కాల్ ఆపేయాలి. సంస్థకు సెబీ రిజిస్ట్రేషన్ ఉందో లేదో `sebi.gov.in` లో ముందే చూసుకోవాలి.

తిరస్కరణ వచ్చినప్పుడు

తిరస్కరణ సందేశాలు క్లుప్తంగా, ఇంగ్లిషులో వస్తాయి. వాటిని సరిగా చదివితే ఏ మెట్టు మళ్లీ చేయాలో తెలుస్తుంది. `Face not clear` అంటే వెలుతురు, అద్దం మీది మురికి చూసుకోవాలి. `Document not legible` అంటే కార్డు దూరం, మెరుపు. ఈ రెండూ అదే రోజు సరిదిద్దుకోగలిగినవి. `Name mismatch` అన్నది వీడియోతో సంబంధం లేనిది. పత్రాలు సవరించేదాకా మళ్లీ పంపకూడదు.

`Face mismatch` వస్తే రెండు కారణాలు ఉండవచ్చు: వెలుతురు ఒకటి, ఆధార్‌లోని ఫొటో మరొకటి. వెలుతురు బాగున్నా మళ్లీ అదే వచ్చిందంటే ఆధార్‌లోని ఫొటో మరీ పాతదని అర్థం. పదేళ్ల నాటి ఫొటోలో జుట్టు, బరువు, పళ్లవరస అన్నీ వేరుగా ఉంటాయి. అప్పుడు సాఫ్ట్‌వేర్ బదులు ఉద్యోగి చేత ప్రత్యక్ష వీడియో కాల్ చేయించమని సంస్థను కోరాలి. మనిషి కన్ను పట్టగలిగిన పోలికను సాఫ్ట్‌వేర్ పట్టలేకపోవచ్చు. దానికి కుదరకపోతే ఆధార్ కేంద్రంలో ఫొటో కొత్తగా తీయించుకోవాలి.

కారణం చెప్పకుండా తిరస్కరిస్తే సంస్థ ఫిర్యాదుల విభాగానికి దరఖాస్తు నంబరుతో ఈమెయిల్ పంపి, ఏ పత్రంలో ఏ లోపమో రాతపూర్వకంగా అడగాలి. జవాబు రాకపోతే సెబీ ఫిర్యాదుల వేదిక `scores.sebi.gov.in` లో నమోదు చేయవచ్చు. అక్కడ నమోదైన ఫిర్యాదుకు సంస్థ 21 రోజుల్లో పరిష్కారం చూపాలి. ఫిర్యాదుతో పాటు తిరస్కరణ సందేశాల స్క్రీన్‌షాట్లు జతచేస్తే పని తేలికవుతుంది, కాబట్టి ప్రతి సందేశాన్ని వచ్చిన వెంటనే దాచుకోవాలి.

వీడియో ఆమోదం పొందాక ఆధార్ ఓటీపీతో ఈ-సైన్ మిగులుతుంది. సంతకం చేయబోయే పీడీఎఫ్‌లో పేరు, పుట్టిన తేదీ, బ్యాంకు ఖాతా నంబరు, నామినీ పేరు ఒకసారి చదువుకుని, ఏ అక్షరమైనా తప్పుగా ఉంటే ఓటీపీ ఇవ్వకుండా వెనక్కి వెళ్లి సరిచేసుకోవాలి. పిన్నిగారి ఫారంలో నామినీగా ఉన్న మనవరాలి పుట్టిన తేదీ తప్పు పడిందని అక్కడే కనిపించింది, సరిచేశాకే ఓటీపీ ఇచ్చారు.